గెడ్డకి ఎగువ ఒడ్డు

మామ చనిపోయింది ఆదివారం. సోమవారం మట్టి చేశాం. శుక్రవారం దినం. ఆ లోపల విశాఖపట్నంలో ఉన్న చిన్నమ్మకి కబురు చేరాలి, ఆమె రావాలి. తోడబుట్టిన అన్న దినానికి చెల్లెలు లేకపోతే అమ్మమ్మ తట్టుకోలేదు. చిన్నమ్మ ఫోన్ నంబరుకి మంగళవారమంతా చేశాం. ఆ నంబరు పనిచేయడం లేదన్న మాటే వినిపించింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఆమె ఒక్కసారి ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడి, బాగానే ఉన్నామని చెప్పింది. ఆ నంబరు ఎవరూ రాసుకోలేదు. "మనిషే వెళ్లాలి" అంది అమ్మమ్మ. ఆమె అనకపోయినా మా ఇళ్లల్లో చావు కబురు మనిషే తీసుకెళ్లాలి.

అది 2015 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. బుధవారం తెల్లవారుజామున పాడేరులో మొదటి బస్సు ఎక్కాం, అన్నతో, వదినతో కలిసి ముగ్గురం. ముగ్గురిలో ఎవరమూ చిన్నమ్మ ఇల్లు చూడలేదు. విశాఖపట్నం అంటే మాకు తెలిసింది ఆర్టీసీ కాంప్లెక్సూ, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే దారీ. అంతే.

చిన్నమ్మ చివరిసారి ఊరికి వచ్చింది 2013లో, ఇటుకల పండగకి. అప్పుడే తన ఇంటి గుర్తులు చెప్పింది. ఆ మాటలు అమ్మమ్మ విన్నది, అమ్మ విన్నది, అన్న విన్నాడు. ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మా గూడెంలో ఇంటికి చిరునామా అంటే మనిషి పేరే. ఫలానా వాళ్ల ఇల్లెక్కడ అంటే చిన్న గుంటడైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వదులుతాడు. ఇళ్ల గోడల మీద అంకెలున్నాయి గానీ అవి జనాభా లెక్కలప్పుడు రాసి వెళ్లినవి. ఆ అంకె ఏమిటో ఇంటివాళ్లకే గుర్తుండదు.

ఘాట్ రోడ్డు దిగేసరికి తెల్లారింది. మాడుగుల దాటాక సీట్లు దొరికాయి. అప్పుడు కూర్చుని ఎవరికి ఏం గుర్తుందో ఒకచోట పెట్టుకున్నాం. అమ్మమ్మ చెప్పి పంపింది ఒకటి, అమ్మ చెప్పింది ఒకటి, అన్నకి గుర్తున్నది ఒకటి. మూడింటిలోనూ కలిసినవి నాలుగు మాటలు: సీతమ్మధార, రైతుబజారు, నీళ్ల ట్యాంకు, గెడ్డ. కలవనివి ఇంకొన్ని. గుడి ఉందని ముగ్గురూ చెప్పారు గానీ అమ్మమ్మ అమ్మవారి గుడి అంటుంది, అన్న రామాలయం అంటాడు. రావిచెట్టు ఉందని అమ్మ చెప్పింది. నాలుగంతస్తుల మేడ కడుతున్నారని, చిన్నమ్మా చిన్నాన్నా దానికి కాపలా అని అన్న చెప్పాడు. డోరు నంబరు కూడా అన్నకి సగం గుర్తుంది. మొదట యాభై, చివర పదిహేడు. మధ్యలో ఏదో ఉంది, అది పోయింది.

కలిసిన నాలుగు మాటల్నే గట్టివిగా పట్టుకోవాలని, మిగతావి కనిపిస్తే సరి, లేకపోతే లేదని బస్సులోనే అనుకున్నాం. అమ్మమ్మ చెప్పిన ఇంకో మాట మాత్రం అప్పుడు మాకు పెద్దగా పట్టలేదు. "గెడ్డకి ఎగువ ఒడ్డునంట. ట్యాంకుకి దిగువంట" అంది. ఆమె ఎవరి ఇంటికి దారి చెప్పినా అలాగే చెబుతుంది. పట్నంలో ఎగువేమిటి, దిగువేమిటి అనుకున్నాం.

కాంప్లెక్సులో దిగేసరికి పదిన్నర. సీతమ్మధార అంటే గురుద్వారా జంక్షన్ దాకా ఆటోలో వెళ్లి లోపలికి నడవమన్నారు. అక్కడి నుంచి అడుక్కుంటూ రైతుబజారు చేరాం. ఇక్కడి వరకు ఏ కష్టమూ లేదు. పేరున్న చోటుకి చేరడం తేలిక, అందరికీ తెలుస్తుంది. కష్టం అక్కడి నుంచి మొదలైంది.

మొదట మేం అడిగింది ఊళ్లో అడిగినట్టే. చిన్నమ్మ పేరు, చిన్నాన్న పేరు, ఏజెన్సీ నుంచి వచ్చారని, వాచ్‌మన్ పని అని. కూరగాయల దుకాణాల్లో అడిగాం, మందుల షాపులో అడిగాం, టీ కొట్లో అడిగాం. పేరు ఎవరికీ తెలియదు. తర్వాత అర్థమైంది, ఆ పేర్లతో వాళ్లని అక్కడ ఎవరూ పిలవరు. చిన్నాన్న ఆ వీధిలో 'వాచ్‌మన్', చిన్నమ్మ 'వాచ్‌మన్ భార్య'. మేం తెచ్చుకున్న పేర్లు ఆ ఊళ్లో వాళ్లకే లేవు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. తెలియదని చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. ఒకాయన "అదిగో, ముందుకెళ్లి ఎడమకి తిరగండి" అన్నాడు. తిరిగాం. అక్కడ ఇంకొకావిడ వెనక్కి పంపింది. అలా గంట పోయింది. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు చెప్పిన దారిన వెంటనే వెళ్లకూడదు. కొంచెం దూరంలో, ఆ మొదటి మనిషి కనిపించని చోట, ఇంకొకరిని అడగాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే కదలాలి. మగవాళ్లని అన్న అడగాలి, గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్లని వదిన అడగాలి. ఎందుకొచ్చామని అడిగితే మాత్రం చుట్టపుచూపుకి అని చెప్పాలి. అన్న పోయాడన్న మాట చిన్నమ్మ కంటే ముందు దారినపోయే వాళ్ల చెవిన పడటం మాకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సైకిల్ మీద పోస్ట్‌మన్ కనిపించాడు. ఇంక దొరికినట్టే అనుకున్నాం. అన్న తన దగ్గరున్న సగం నంబరు చెప్పాడు. పోస్ట్‌మన్ నవ్వలేదు. సైకిల్ ఆపి, స్టాండ్ వేసి, ఎదురింటి గేటు మీద ఉన్న నంబరు చూపించాడు. "మొదటి అంకె వార్డు. రెండోది ఆ వార్డులో బ్లాకు. మూడోది ఇల్లు. మీకు మొదటిదీ చివరిదీ తెలుసు. ఇక్కడ చాలా ఇళ్లకి మొదటి అంకె యాభయ్యే. ప్రతి బ్లాకులోనూ పదిహేడు ఉంటది. ఆ మధ్య అంకె లేకపోతే నేను చెప్పలేను బాబూ" అన్నాడు. చిన్నమ్మ పేరు చెబితే తల ఊపి, "కాపలా వాళ్లకి ఉత్తరాలు రావు. వచ్చినా ఓనరు పేరు మీద వస్తాయి" అన్నాడు.

ఆయన మాట మాకు నిరాశ అనిపించినా చాలా పనికొచ్చింది. అంతవరకు ప్రతి గేటు దగ్గరా ఆగి అంకెలు చూస్తున్నాం. ఆ పని మానేశాం. నంబరు మొత్తం ఉంటే వాకిటికే తీసుకెళ్తుంది, మధ్య ముక్క పోయిందంటే ఎటూ తీసుకెళ్లదు. గుర్తులు అలా కాదు. ఐదింటిలో రెండు పోయినా మూడు మిగులుతాయి.

ఇక నీళ్ల ట్యాంకు వెతికాం. ఈసారి ఇద్దరి మాట కలిసింది. వెళ్లాం. ట్యాంకు ఉంది. పక్కన రామాలయం కూడా ఉంది. అన్న ముఖం వెలిగింది, తను చెప్పిందే నిజమైందని. ఆ చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగాం. నాలుగంతస్తుల మేడలు పది ఉన్నాయి. ప్రతి గేటు దగ్గరా వాచ్‌మన్ ఉన్నాడు గానీ మనవాడు కాదు. రెండు దాటింది. పొద్దున బస్టాండులో తిన్న ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. వదిన ట్యాంకు నీడలో కూలబడి, "ఇది మనది కాదు. గెడ్డ ఏదీ?" అంది.

నిజమే. ముగ్గురూ చెప్పిన నాలుగు మాటల్లో గెడ్డ ఉంది. ఇక్కడ గెడ్డ లేదు. రామాలయం అన్న ఒక్కడి మాట. దొరికిన దాన్ని చూసి దొరకనిదాన్ని మర్చిపోయాం. ఒక గుర్తు కలిసిందని సంబరపడే కంటే, కలవనిది ఏదో ముందు చూసుకుని ఉంటే గంటన్నర మిగిలేది.

అక్కడ కూర్చున్నప్పుడే అమ్మమ్మ మాట మళ్లీ గుర్తొచ్చింది. గెడ్డకి ఎగువ ఒడ్డు, ట్యాంకుకి దిగువ. తలెత్తి చూస్తే మేడల సందుల్లోంచి కొండ కనిపిస్తోంది. పొద్దున్నుంచి అది అక్కడే ఉంది. మేం బోర్డులు చదువుతూ, గేట్లు చూస్తూ తిరిగాం గానీ దాన్ని చూడలేదు. కొండ ఉందంటే దాని మీద పడిన వాన ఎక్కడో ఒకచోట దిగాలి. దిగిన నీరు పారే దారే గెడ్డ. మా దగ్గర అది రాళ్ల మధ్య పారుతుంది. ఇక్కడ గోడల మధ్య పారుతుంది. పేరు మాత్రం ఒకటే, విశాఖపట్నం వాళ్లు కూడా దాన్ని గెడ్డ అనే అంటారు.

ఇక మేం అడిగే ప్రశ్న మారింది. ఫలానా మనిషి ఇల్లెక్కడ అని కాదు, "కొండ మీద నీళ్లు వానాకాలంలో ఎటు దిగుతాయి?" అని అడిగాం. దానికి అందరూ ఒకటే చెప్పారు. వానొస్తే ఎవరి వీధిలోకి నీళ్లొస్తాయో ఎవరూ మర్చిపోరు. ఒక ముసలామె అయితే లేచి వీధి మొగదాకా వచ్చి, "ఆ పల్లంలో ఉంది గెడ్డ. పైన పలకలేసేశారు, కనబడదు" అని చూపించింది.

గెడ్డ పట్టుకున్నాం గానీ దాని వెంట నడవడం అంత తేలిక కాలేదు. కొంత దూరం తెరిచి ఉంటుంది, నల్లటి నీరు కనిపిస్తుంది. తర్వాత సిమెంటు పలకల కింద దూరిపోతుంది. ఆ పలకల మీద బళ్లు పెట్టుకుంటారు, కొట్లు పెట్టుకుంటారు. అలా పోయినప్పుడు రోడ్డు ఎక్కడ దిగి మళ్లీ ఎక్కుతోందో చూశాం. ఆ పల్లం దగ్గర రోడ్డుకి రెండు పక్కలా మోకాలెత్తు గోడలుంటే అది కల్వర్టు, కింద గెడ్డ ఉన్నట్టే. వాసన కూడా చెబుతుంది. నీరు మాకు ఎదురొచ్చేలా, కొండ ఎప్పుడూ ముందే ఉండేలా నడిచాం. ఒకచోట రెండు గెడ్డలు కలిశాయి. ఏది మనది? అమ్మమ్మ ట్యాంకుకి దిగువ అంది. ట్యాంకు ఎప్పుడూ మెట్ట మీదే కడతారు, నీరు ఇళ్లలోకి దిగాలి కాబట్టి. రెండు గెడ్డల్లో ఒకదాని పైన మెట్ట మీద మేడల వెనక ట్యాంకు నెత్తి కనిపించింది. అటే వెళ్లాం.

మూడున్నర అయ్యేసరికి మూడో కల్వర్టు దాటాం. కొండవైపు ఒడ్డున అమ్మవారి గుడి కనిపించింది. గుడి అంటే ఎత్తుగా ఏమీ లేదు, నిలబడితే తల తగులుతుంది. కానీ అమ్మ చెప్పిన రావిచెట్టు లేదు. వదిన గుడి చుట్టూ తిరిగి పిలిచింది. వెనకవైపు చెట్టు మొదలు ఉంది, ఇద్దరు చేతులు చాచినా పట్టనంత మొదలు. పైన రంపంతో కోసేశారు. కోసిన చోట పసుపు రాసి, బొట్లు పెట్టి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో చెట్లు ఎలా కూలాయో వినే ఉన్నాం. మా కాఫీ తోటల్లో నీడ చెట్లు కూడా అదే గాలికి పడిపోయాయి. మా మూడు మాటల్లోని చెట్టు ఇదేనని తెలిసింది. రోడ్డు మీద నడుస్తూ తలెత్తి చెట్టు కోసం చూసి ఉంటే, గుడి పక్కనుంచే వెళ్లిపోయేవాళ్లం.

ఆ మొదలు పక్కనే టార్పాలిన్ కింద ఒకాయన ఇస్త్రీ చేస్తున్నాడు. మొన్నటిదాకా ఆయన బండి ఆ చెట్టు నీడలోనే ఉండేదట. ఆయన్ని పేరుతో అడగలేదు. "ఇక్కడ నాలుగంతస్తుల మేడ కట్టేటప్పుడు కాపలా ఉండేవారు, పాడేరు వైపు వాళ్లు" అన్నాం. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మా ముగ్గురి ముఖాలూ చూశాడు.

"ఆవిడ మీకేటవుద్ది?"

"చిన్నమ్మ."

"ముఖం కలిసింది. అదిగో, ఆ మేడే. అయిపోయింది, రంగులేసి తాళాలిచ్చేశారు. అయిపోయాక వాళ్లెందుకుంటారు? సంవత్సరమైంది. మేస్త్రి పైన ఇంకోటి మొదలెట్టాడు, అక్కడికి తీసుకెళ్లిపోయాడు."

మేడ వంక చూశాం. లేత పసుపు రంగు గోడలు, గేటు మీద నంబరు పలక. మొదట యాభై, చివర పదిహేడు. అన్నకి గుర్తున్నది నిజమే. ఆ నంబరు మొత్తం మా దగ్గర ఉండి, పోస్ట్‌మన్ నేరుగా తెచ్చి దించి ఉంటే ఈ గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లం. లోపల ఉన్న వాళ్లకి చిన్నమ్మ ఎవరో తెలియదు. ఆ నంబరు మేడది, చిన్నమ్మది కాదు. కట్టేటప్పుడు కాపలా ఉన్నవాళ్ల ఇల్లు ఇసక కుప్పతో పాటు, సిమెంటు బస్తాలతో పాటు కదిలిపోతుంది. ఇస్త్రీ ఆయనకి మాత్రం తెలుసు. అన్ని మేడల బట్టలూ ఆయన దగ్గరికే వస్తాయి, ఏ గేటు దగ్గర ఎవరున్నారో, ఎవరు మారారో ఆయనకి తెలియకుండా ఉండదు. పొద్దున మందుల షాపులో అడిగే బదులు ఇలాంటి మనిషిని వెతికి ఉండాల్సింది.

ఆయన చెప్పినట్టే గెడ్డ వెంట ఇంకా పైకి వెళ్లాం. రెండు వీధులు దాటాక సెంట్రింగు కర్రలు కట్టిన మేడ వచ్చింది. ముందు కంకర, ఇసక కుప్ప. పక్కన రేకుల పాక. పాక వాకిట్లో ఎవరూ లేరు. ఇదేనా, ఇంకోటా? మళ్లీ ఎవరిని అడగాలా అని నిలబడ్డాం.

వదిన పాక పక్కకి చూసి ఆగిపోయింది. సిమెంటు సంచిలో మట్టి నింపి చిక్కుడు పాదు పెట్టారు. సరుగుడు కర్ర మీదుగా రేకుల పైకి పాకింది. కాయ పొట్టిగా, వెడల్పుగా, అంచున ఊదా గీతతో ఉంది. అది మా పెరటి చిక్కుడు. ఇటుకల పండగకి వచ్చినప్పుడు అమ్మమ్మ గుడ్డ ముక్కలో విత్తనాలు మూటకట్టి చిన్నమ్మ కొంగుకి కట్టింది. కింది మేడ దగ్గర వేసి, అక్కడి కాయల్లోంచి మళ్లీ విత్తనం తీసి, ఇక్కడ వేసి ఉంటుంది. ఇంకెవరినీ అడగలేదు.

చిన్నమ్మ పైఅంతస్తులో గోడలకి నీళ్లు కొడుతోంది. గొట్టం చేత్తో పట్టుకునే కిందికి చూసింది. మమ్మల్ని చూసి నవ్వబోయింది. మా చేతుల వంక చూసింది. సంచి లేదు, పసుపు లేదు, చింతపండు లేదు. మా వాళ్లు ఊరికే వచ్చినప్పుడు ఉత్త చేతులతో రారు. గొట్టం వదిలేసింది. నీళ్లు మెట్ల మీదుగా కిందికి పారుతుంటే వాటి వెనకే దిగి వచ్చింది.

"ఎవరు?" అంది.

"మామ."

ఇసక కుప్ప మీద కూర్చుండిపోయింది. వదిన వెళ్లి పక్కన కూర్చుంది. పైన గొట్టం అలా పారుతూనే ఉంటే అన్న ఎక్కి మోటారు కట్టేసి వచ్చాడు.

ఆ సాయంత్రం బయలుదేరినా పాడేరు బస్సు అందదని చిన్నాన్న అన్నాడు. రాత్రి సిమెంటు బస్తాల పక్కన అట్టలు పరుచుకుని పడుకున్నాం. చిన్నమ్మ పడుకోలేదు. ఫోన్ ఎందుకు పలకలేదో అప్పుడు చెప్పింది. తుఫాను రాత్రి పాకలోకి నీళ్లొచ్చి ఫోన్ పాడైంది. కొత్తది కొన్నారు గానీ నంబరు మారింది. మా నంబర్లన్నీ పాత దాంట్లోనే పోయాయి. ఆమె కూడా మూడు నెలలుగా మా చిరునామా పోగొట్టుకున్న మనిషే. కాకపోతే ఆమెకి దారి తెలుసు, సెలవు లేదు.

తెల్లవారుజామున చిన్నమ్మతో కలిసి నలుగురం బయలుదేరాం. చిన్నాన్న కాపలాకి ఉండిపోయాడు, సామాను వదిలి రావడానికి మేస్త్రి ఒప్పుకోలేదు. గుడి దగ్గర ఇస్త్రీ ఆయన అప్పుడే బొగ్గులు రాజేస్తున్నాడు. అన్న ఆయన ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు. చిన్నమ్మ కొత్త నంబరు దాని కింద రాశాడు. ఆ కింద ఇంకో మాట రాయమంది వదిన: గెడ్డ వెంట ఎగువకి, మూడో కల్వర్టు, అమ్మవారి గుడి, ఇస్త్రీ బండి. చిన్నమ్మ ఉండే మేడ నంబరు రాయలేదు. ఆ మేడకి ఇంకా నంబరు రాలేదు, వచ్చేసరికి ఆమె అక్కడ ఉండదు.

గురువారం మధ్యాహ్నానికి ఊరు చేరాం. దినం శుక్రవారమే జరిగింది. చిన్నమ్మ ఉంది.

ఆ కాగితం అమ్మమ్మ దూలానికి వేలాడే బుట్టలో పెట్టింది. రెండేళ్ల తర్వాత చిన్నమ్మ నంబరు మళ్లీ పలకకపోతే అందులోంచి తీసి ఇస్త్రీ ఆయనకి ఫోన్ చేశాం. "ఇంకో మేడకి మారారు. గెడ్డకి ఆవలొడ్డు, కొంచెం ఎగువ" అన్నాడు.

ఈసారి అందరికీ ఒక్కసారికే అర్థమైంది.